నాయన తరుగు

మా ఇంటి కరెంటు బిల్లు ఇప్పటికీ మా నాయన పేరు మీదే వస్తుంది. నెల మొదట్లో రీడింగ్ తీసే మనిషి వాకిట్లో నిలబడి, చేతిలోని మిషన్‌లోంచి కాగితం చింపి, నాయన పేరు పెట్టి కేకేస్తాడు. ఆయన పోయాడని అతనికి తెలుసు. పెద్దకర్మ రోజు వచ్చి భోంచేసి పోయినవాడే. అయినా కాగితం మీద ఏ పేరుంటే ఆ పేరే పిలుస్తాడు. లోపలినుంచి అమ్మ "ఆఁ, వస్తాండా" అంటుంది. పేరు మార్పించాలని ప్రతి నెలా అనుకుంటాను. అనుకోవడం దగ్గరే ఆగిపోతున్నాను.

మాది మార్కాపురం. రెండు గదులు, ముందు వరండా, పైన చదునైన మిద్దె. నేను గిద్దలూరులో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెబుతాను. పొద్దున బస్సెక్కితే మళ్లీ సాయంత్రమే ఇల్లు చేరేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు నేనిచ్చిన జవాబులు విని, ఇప్పుడు అడగడం కూడా మానేశారు. నోటి దురుసు నాకు నాయన నుంచే వచ్చిందని అమ్మ అంటుంది. నాయనేమో అమ్మ వైపు నుంచి వచ్చిందనేవాడు.

నాయన వయసులో ఉన్నప్పుడు పలకల మిల్లులో పనిచేశాడు. రంపం కింద రాయి కోస్తుంటే లేచే దుమ్ములో పదిహేను ఇరవై ఏళ్లు నిలబడ్డాడు. తర్వాత సొంతంగా చిన్న వ్యాపారం పెట్టుకుని, బడి పలకలు లారీల్లో దూరపు ఊళ్లకు పంపేవాడు. పిల్లలు పలకలు వదిలి నోటుపుస్తకాలు పట్టుకున్నాక అదీ మూతపడింది. దుమ్ము మాత్రం ఆయన్ను వదల్లేదు. ఊపిరితిత్తుల్లో గట్టిపడి కూర్చుంది. మందులతో అయ్యేది అయిపోయింది, ఇంక చేసేదేం లేదన్నాక డాక్టరు ఆక్సిజన్ మిషన్ రాశాడు. పగలూ రాత్రీ ఆపకూడదన్నాడు.

అది మోకాలెత్తు ఉండే పెట్టె. గదిలో గాలి పీల్చుకుని, అందులోంచి ఆక్సిజన్ వేరుచేసి సన్నటి గొట్టంలో పంపుతుంది. లోపల మోటారు మూలుగుతూ ఉంటుంది. మధ్యమధ్య కొలిమి తిత్తిలాగా ఒక బుస్సు. కొన్నాళ్లకు ఆ చప్పుడు ఇంట్లో ఇంకొక మనిషి ఊపిరి అయిపోయింది. క్లాసులో బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆ బుస్సు కోసం చెవి ఒగ్గేదాన్ని. అరవైమంది పిల్లల రొదలో అది వినపడదని తెలిసీ ఒగ్గేదాన్ని.

మిషన్ రాకముందు మాకు నెలకు నూట యాభై యూనిట్లు కాలేవి. బిల్లు ఏడెనిమిది వందలు. మిషన్ ఒక్కటే నెలకు రెండు వందల యాభై యూనిట్లు తాగడం మొదలుపెట్టింది. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది కదా, ఈ రెండు వందల యాభై పోయి పైమెట్ల మీదే కూర్చున్నాయి. బిల్లు మూడు వేలకు ఎగబాకింది. నాయన ఆ కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివి, మడిచి దిండు కింద పెట్టుకునేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఆయన ఏమీ అనకపోతే నాకు భయం.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కూరగాయలు తీసుకుని వచ్చేసరికి ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. నాయన ముక్కుకు గొట్టం తగిలించుకుని, బుద్ధిమంతుడైన పిల్లాడిలా మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఫ్యాను ఆగి ఉంది.

"కరెంటు పోయినాది పాపా," అన్నాడు.

పక్కింట్లో టీవీ మోగుతోంది.

"మనింటికొక్కదానికే పోయిందా నాయనా?"

ఆయన పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. సంచి అక్కడే పడేసి స్విచ్ వేశాను. అది బుస్సుమన్నాక ఇంక ఆపుకోలేకపోయాను. నోటికొచ్చినట్టు అరిచాను. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసి ఉంటారు. ఆయన అంతా విని, ఊపిరి అందాక మెల్లగా చెప్పాడు.

"నాలుగు నూర్లు దాటితే ఇంకో మెట్టు ఎక్కుతాదంట గదా. దినానికి ఒక రెండు గంటలు ఆపితే మెట్టు ఎక్కకుండా ఉంటాదని."

"నువ్వుండవు నాయనా, మెట్టు ఉంటాది."

"ఎట్లాగూ పొయ్యేవోడికి మూడు వేల కరెంటు దండగ గాదా?" అన్నాడు. కోపంగా కాదు, లెక్క చెబుతున్నట్టు అన్నాడు.

అప్పటినుంచి అమ్మ బయటికి పోవాలంటే భయపడేది. నేను కాలేజీ నుంచి గంటగంటకూ ఫోన్ చేసి "వినిపించు" అనేదాన్ని. అమ్మ ఫోన్ తీసుకుపోయి మిషన్ దగ్గర పెట్టేది. ఆ బుస్సు విన్నాక గానీ తర్వాతి క్లాసుకు పోలేకపోయేదాన్ని. ఆయన మిషన్ ఆపకుండా ఉండాలంటే ఆయనకు కరెంటు ఉచితమని తోచాలి. సోలార్ ఆలోచన నాకు అక్కడ వచ్చింది. భూమిని కాపాడదామనీ కాదు, డబ్బు మిగిలిద్దామనీ కాదు.

సోలార్ కంపెనీ మనిషి ఒంగోలు నుంచి వచ్చాడు. నడివయసువాడు, నెమ్మదస్తుడు. మిద్దె ఎక్కి నీడలు చూశాడు, టేపు పెట్టి కొలిచాడు. మూడు కిలోవాట్లు పడతాయి, నెలకు సగటున మూడు వందల యాభై యూనిట్లు వస్తాయి అన్నాడు. అంతా కలిపి రెండు లక్షల దాకా. ముందు మనమే కట్టాలి, తర్వాత సబ్సిడీ అకౌంట్లో పడుతుంది, అది పోగా మనకు లక్షా ఇరవై వేలు.

అమ్మ ఒక్కటే అడిగింది. "కరెంటు పోయినప్పుడు గూడా మిషన్ నడుస్తాది గదయ్యా?"

"నడవదమ్మా," అన్నాడతను, దాచకుండా. "లైన్లో కరెంటు లేకుంటే ఇవీ ఆగిపోతాయి. లైన్‌మన్ స్తంభం ఎక్కి ఉంటే మన మిద్దె మీది కరెంటు ఆయనకు కొట్టగూడదు గదా. దానికి మీరు ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకోవాల్సిందే."

ఆ మాటకు అతని మీద నాకు గౌరవం కలిగింది. తర్వాత అతనిచ్చిన కాగితం చూసి ఆ గౌరవం సగం పోయింది. ఇరవై ఏళ్ల యూనిట్లన్నీ కూడి, అన్నిటికీ పైమెట్టు రేటే కట్టి, ఏడు లక్షల పైచిలుకు మిగులు అని కింద గీత గీశాడు. ప్యానెళ్లు పాతబడేకొద్దీ ఏటా కొంచెం తగ్గుతాయని లేదు. పది పన్నెండేళ్లకు ఇన్వర్టర్ మార్చాలని లేదు. ఇరవయ్యో ఏట వచ్చే రూపాయిని ఈరోజు చేతిలో ఉన్న రూపాయితో సమానం చేసి కూడేశాడు. మా పిల్లలు పరీక్షలో ఇలా రాస్తే నేను సున్నా పెడతాను. అన్నిటికన్నా నన్ను మండించింది వేరే. మేమిచ్చిన పన్నెండు నెలల బిల్లులు చూసి, అదే వాడకం ఇరవై ఏళ్లూ ఉంటుందని వేశాడు. అంటే మిషన్ ఇరవై ఏళ్లు నడుస్తుందని. అతనికి తెలియదు పాపం, బిల్లు మీద మనిషి ఊపిరి విడిగా రాసి ఉండదు.

ఆ సాయంత్రం వరండాలో కూర్చుని నా ల్యాప్‌టాప్‌లో నేనే వేశాను. నాయన పక్కనే మంచం మీద ఉన్నాడు. గొట్టం గడప దాటి వచ్చి ఆయన ముక్కు దాకా పాకి ఉంది.

"ఏందది?" అన్నాడు.

"నీ డిపాజిట్ డబ్బుకు బ్యాంకు నూటికి ఎనిమిది ఇస్తాంది గదా నాయనా. దాన్ని తీసి మిద్దె మీద పెడితే, ముందుముందు మిగిలేది ఈరోజు లెక్కలో ఎంత చేస్తుందో చూడాల. ఏటేటి మిగులునూ డిస్కౌంట్ చేయాల."

"డిస్కౌంటా? ఎంతిస్తాడంట?"

నవ్వొచ్చింది. "ఇచ్చేది కాదు, కోసేది. వచ్చే ఏడు చేతికొచ్చే నూరు రూపాయలు ఈరోజు తొంభై రెండున్నరతో సమానం. ఆ పై ఏడు ఇంకా తక్కువ. దూరం పొయ్యేకొద్దీ తగ్గుతాంటాది."

ఆయన కాసేపు ఊపిరి పోగుచేసుకున్నాడు. "తరుగు గదా అది," అన్నాడు.

పలకల లారీ ఎంత దూరం పోతే అంత పగులుతుంది. ఒక్కో ఊరు దాటేకొద్దీ, మిగిలినవాట్లో నుంచి ఇన్ని పోతాయని ముందే లెక్క కట్టుకుని బేరం చేసేవాళ్లు. దాన్నే తరుగు అనేవాళ్లు. చిన్నప్పుడు లారీ వెనక గడ్డి పరుస్తూ ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. నేను పదిహేనేళ్లుగా బోర్డు మీద రాస్తూ, సగం మంది పిల్లలకు ఎక్కించలేకపోయిన పాఠానికి మా ఇంట్లోనే పేరుందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

"అదే నాయనా. ఇక్కడ నూరు పలకలు ఎక్కిస్తే ఇరవయ్యో ఊళ్లో దిగేవి ఇరవయ్యొకటి."

"అంత దూరం ఎవురన్నా పంపిస్తారా?" అని నవ్వబోయి దగ్గాడు.

ఆ పట్టికలో ఒక గడి ఉంది. మిషన్ ఎన్నేళ్లు అనే గడి. మిగతావన్నీ దాన్ని బట్టే కదులుతాయి. మిషన్ లేకపోతే మా నూట యాభై యూనిట్లూ చవక మెట్ల మీదివి. వాటికి మిగిలేదే తక్కువ. వాడుకోగా ఎక్కువైన కరెంటు లైన్లోకి పోతుంది, దానికి యూనిట్‌కు వచ్చేది రెండు రూపాయల చిల్లర. అన్నీ కలిపి, ప్యానెళ్ల కడుగుడు ఖర్చు పోగా ఏడాదికి పదకొండు వేలు. మిషన్ నడిచిన ఏడాదికి మాత్రం ఇంకో ఇరవై వేలు అదనంగా మిగుల్తుంది, పైమెట్ల యూనిట్లు తప్పుతాయి కాబట్టి. కరెంటు రేటు పెరుగుతుందేమో గానీ, పెరుగుతుందని పెట్టి లాభం చూపించడం అమ్మేవాడి పని. నేను రేటును కదలనివ్వలేదు. ప్యానెళ్లు పాతబడేదీ, ఇన్వర్టర్ మార్చేదీ కూడా అందులోంచి కోసి పెట్టాను.

ఆ గడిలో మొదట ఇరవై వేశాను. తర్వాత పది. తర్వాత అయిదు. వేసిన ప్రతిసారీ కింద మొత్తం తగ్గుతూ వచ్చింది. బతికున్న మనిషి పక్కన కూర్చుని, ఆయన ఊపిరి వింటూ, ఆయన ఆయుష్షును టైపు చేయడం అంటే ఏమిటో నాకు ఆ సాయంత్రం తెలిసింది. అయిదు దగ్గర వదిలేసి, లాభమే నాయనా, పెట్టిద్దాం అన్నాను.

"నా మిషన్‌కు ఎన్నేండ్లు ఏసినావు?"

నేను స్క్రీన్ వైపే చూస్తున్నాను. "అయిదు."

"ఎవురు చెప్పినారు అయిదని?"

"ఎవురూ చెప్పలా."

"ఒకటి ఎయ్."

"నాయనా..."

"సరుకు ఎత్తేటప్పుడు ఉన్నమాట చెప్పుకోవాల పాపా. ఒకటి ఎయ్."

వేశాను. కింద మొత్తం ముందు తీసివేత గుర్తు వచ్చి నిలబడింది. పదివేల చిల్లర లోటు.

"సమానం కావాలంటే?"

"రెండో ఏడు సగం దాటాల. రెండేండ్లూ నిండితే కొంచెం మిగులు గూడా ఉంటాది."

మిషన్ బుస్సుమంటూనే ఉంది. వంటింటి గుమ్మంలో అమ్మ చేటతో నిలబడి ఉంది, బియ్యం ఏరడం ఆపేసి.

"పెట్టిచ్చు," అన్నాడు చివరికి. "ఆ పదివేలు తరుగు నా కింద రాయి. తరుగు పంపినోడే భరించాల, దించుకున్నోడు గాదు."

"నాదొక షరతు. పెట్టిస్తే మిషన్ మళ్లా ఆపవు గదా?"

"ఎండ పోసే కరెంటుకు కక్కుర్తి ఏంది?" అన్నాడు.

అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఉగాది వెళ్లాక ప్యానెళ్లు బిగించారు, కొత్త మీటరు పెట్టారు. ఆ రోజునుంచి ఆయన మిషన్ మీద చెయ్యి వేయలేదు. పగలు ఎక్కువైంది లైన్లోకి పోయి జమ అవుతుంది, రాత్రి దాన్నే వెనక్కి తీసుకుంటామని చెప్పాను. ఆయనకు అది తెలుసు. అయినా పొద్దున్నే ఆకాశం చూసి "ఈ దినం ఎండ బాగుంది, బాగా పీల్చుకోవచ్చు" అనేవాడు. మబ్బు పట్టిన రోజు కొంచెం తక్కువ తిని, తక్కువ మాట్లాడేవాడు, నేను తిట్టేదాకా. ఆదివారాలు నేను మిద్దె ఎక్కి ప్యానెళ్లు తుడిచేదాన్ని. గుడ్డకు బూడిదరంగు దుమ్ము అంటేది. దాన్ని బకెట్లో పిండి, ఆ నీళ్లు పారబోస్తుంటే కింద ఆయన దగ్గు వినపడేది. రెండూ ఒకటే దుమ్ము కదా అనుకుంటే చేతులు ఆడేవి కావు.

మరుసటి ఏడు శ్రావణమాసంలో, ముసురు పట్టిన ఒక పొద్దున ఆయన పోయాడు. అమ్మ కాఫీ తెచ్చి లేపితే లేవలేదు. ఆయన ఆగిపోయినా మిషన్ నడుస్తూనే ఉంది. ముక్కు దగ్గర గొట్టం అలాగే ఊదుతూ ఉంది. ఎంతసేపటి నుంచి ఒట్టిగా ఊదుతోందో మాకు తెలియదు. అమ్మ ఏడవలేదు, గొట్టం తీయలేదు. వాకిట్లో జనం చేరుతున్నారు. చివరికి స్విచ్ ఆపింది నేనే. ఆయన పోయిన సంగతి నాకు అప్పుడు తెలిసినట్టయింది. ఆ నిశ్శబ్దం ఇంకా నా చెవుల్లో ఉంది.

పెద్దకర్మ అయ్యాక ఒకరోజు ఆ పట్టిక తెరిచాను. ఎందుకు తెరిచానంటే చెప్పలేను, కాలిన చోటే వేలు పోతుంది కదా. గడిలో అసలు సంగతి వేశాను. ఏడాదీ నాలుగు నెలలు. అయిదు వేల చిల్లర లోటు. మూసేశాను. మిషన్ ఎవరికైనా ఇచ్చేద్దాం, పెద్దారవీడులో ఒకాయన అడుగుతున్నాడు అన్నాను. "ఉండనీ," అంది అమ్మ. దాని మీద నాయన తుండు కప్పి పెట్టింది.

ఆ పై నెలల్లో బిల్లు నాకు అర్థం కాకుండా పోయింది. మిషన్ లేదు కాబట్టి లైన్లోకి పోయే యూనిట్లు బాగా పెరగాలి. అంత పెరగడం లేదు. ప్రతి నెలా తొంభై యూనిట్ల దాకా ఎక్కడికో పోతున్నాయి. చలికాలం ఎండ కదా అనుకున్నాను. ప్యానెళ్లు రుద్ది రుద్ది కడిగాను. కోతులు వైరు కొరికాయేమోనని వెతికాను. కంపెనీ మనిషికి ఫోన్ చేసి నాలుగు మాటలు అంటించాను. పాపం ఒంగోలు నుంచి వచ్చి, అంతా చూసి, ఫోన్‌లో లెక్క తీసి చూపించాడు. "మేడం, రావాల్సినంత వస్తానే ఉంది. పగటిపూట ఇంట్లోనే ఏదో వాడుకుంటాన్నారు."

పగటిపూట ఇంట్లో ఉండేది అమ్మ ఒక్కతే. పగలు ఫ్యాను కూడా వేసుకోదు. అతన్ని పంపించి, అమ్మను ఏమీ అడగలేదు. అడగడానికి భయం వేసింది.

తర్వాతి వారం కాలేజీలో ఒంట్లో బాగలేదని చెప్పి మధ్యాహ్నం బస్సెక్కాను. కంభం దాటాక నిజంగానే ఒంట్లో బాగలేకుండా పోయింది. మా వీధి మలుపు తిరిగి, వాకిలి దగ్గరికి వచ్చేసరికి వినిపించింది. మోటారు మూలుగు. కాస్త ఆగి, బుస్సు.

గుమ్మానికి చెయ్యి ఆనించుకుని నిలబడ్డాను. ఒక్క క్షణం, దేవుడి మీద ఆన, లోపల ఆయన ఉన్నాడనుకున్నాను. కామర్స్ చెప్పే మనిషిని, దయ్యాలంటే నవ్వేదాన్ని, చెప్పులు విడిచి చప్పుడు కాకుండా లోపలికి పోయాను, ఆయన నిద్ర చెడుతుందేమోనన్నట్టు.

మంచం మీద పక్క పరిచి ఉంది. దిండు మీద గొట్టం పెట్టి ఉంది, ముక్కు ఉండాల్సిన చోట. అది ఊదుతోంది. మంచం పక్కన అమ్మ పీట మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుచుకుంటోంది.

నా భయం ఎప్పటిలాగే కోపమై బయటపడింది. "ఏందిమా ఇది? పిచ్చిగానీ పట్టిందా నీకు?" అని స్విచ్ మీద చెయ్యి పెట్టాను.

"ఆపొద్దు," అంది. గొంతు హెచ్చలేదు. "సాయంత్రం నువ్వొచ్చేలోపు నేనే ఆపుతా గదా. ఎండ ఉన్నంతసేపే ఏస్తాండా."

"ఎందుకు?"

"రెండేండ్లు నిండాల గదా."

నాకు అర్థం కాలేదు. అమ్మ చిక్కుళ్ల చేట పక్కన పెట్టి, నేను చిన్నపిల్లనైనట్టు విడమరిచి చెప్పింది. "మిషన్ రెండేండ్లు నడిస్తే సమానమని నువ్వే చెప్తివి. లేకుంటే పదివేలు ఆయన కింద రాయమన్యాడు. అవి నిండకముందే ఆయన పాయె. ఎవురికీ అణా బాకీ లేకుండా బతికిన మనిషి. తరుగు మీద పెట్టుకుని ఎట్ల పోతాడు? యాడికి పోతాడు? ఈడనే తిరుగుతాన్నాడు పాపా. పొద్దున గడప కాడ దగ్గు ఇనపడతాది నాకు. నడిపిచ్చి, ఆయన రెండేండ్లు ఆయనకు నిండిస్తే పోతాడు."

నా చెయ్యి స్విచ్ మీదే ఉంది. చెప్పాల్సిన జవాబు నాకు తెలుసు. మిషన్ నడిస్తే లాభం వచ్చేది కాదు అమ్మా. నడవక తప్పని మిషన్‌కు కట్టాల్సిన బిల్లు తప్పింది కాబట్టి అది లాభం. ఖాళీ మంచానికి నడిపితే లైన్లోకి పోవాల్సిన యూనిట్లు పోతాయి, లోటు పెరుగుతుంది. నీ మొగుడి బాకీని నువ్వు రోజురోజుకూ పెంచుతున్నావు. రెండు వాక్యాల పాఠం. బోర్డు మీదైతే రెండు నిమిషాల్లో తేల్చేస్తాను.

చెయ్యి తీసేశాను. పోయి పీట పక్కన కింద కూర్చుని చిక్కుళ్లు అందుకున్నాను. ఇద్దరం ఒలుస్తూ ఉంటే అది ఊదుతూ ఉంది. ఆ తర్వాత ఆదివారాలు నేనింట్లో ఉన్నప్పుడు కూడా అమ్మ దాచకుండా వేసేది. మబ్బు పట్టిన రోజు వేసేది కాదు, ఎండ ఇవ్వనిది ఆయనకు రాయకూడదంది. బిల్లు వచ్చినప్పుడు తగ్గిన యూనిట్లు చూసి మడిచి పెట్టేదాన్ని. నెలకు రెండు వందల రూపాయల లోపు. నాయన ఊపిరి వినడానికి అంతకన్నా చవక రేటు ఏ మెట్టు మీదా లేదు. నిజం చెప్పాలంటే, గిద్దలూరు నుంచి మళ్లీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. "వినిపించు" అనేదాన్ని కాదు. ఊరికే మాట్లాడుతూ వెనకనుంచి వచ్చే చప్పుడు వినేదాన్ని.

ఉగాది మళ్లీ వచ్చి వెళ్లింది. ప్యానెళ్లు బిగించి రెండేళ్లు నిండిన రోజును అమ్మ మర్చిపోలేదు. తలస్నానం చేసింది, నన్ను సెలవు పెట్టమంది. ఎండ బాగా కాస్తోంది. పొద్దు వాలేదాకా మిషన్ నడవనిచ్చి, నన్ను పిలిచింది.

"లెక్క చూడు. సరిపోయిందా?"

ల్యాప్‌టాప్ తెచ్చి ఆ గది గడప మీద కూర్చున్నాను. పట్టిక తెరిచాను. ఆయన వదిలిన అయిదు వేల లోటు అలాగే ఉంది, దాని మీద అమ్మ చేర్చిన పదిహేను వందలు. మొత్తం ముందు తీసివేత గుర్తు. ఇన్నేళ్లలో నేను ఒక్క పిల్లాడికీ తప్పు కూడికకు మార్కు వేయలేదు. అమ్మ నా మొహం చూస్తోంది. నాకు తెలియకుండానే నేనూ మంచం వైపు చూశాను.

"సరిపోయింది," అన్నాను. "సమానం. ఆయన కింద ఏం లేదు."

అమ్మ తల ఊపింది. దిండు మీది గొట్టం తీసి, చుట్టగా చుట్టి, కొంగుతో తుడిచింది. స్విచ్ మీద వేలు పెట్టి, మంచం వైపు తిరిగింది.

"ఇన్నావు గదా," అంది. "తరుగు తీరినాది. ఇంక పో."

స్విచ్ ఆపింది. మూలుగు సన్నబడి, ఆఖరి బుస్సు వదిలి ఆగింది. వీధిలో ఎవరిదో ఆటో పోతున్న చప్పుడు వినిపించింది. అమ్మ పక్కబట్టలు తీసి, మంచం గోడకు ఎత్తి నిలబెట్టి, నన్ను ముఖం కడుక్కోమని వంటింట్లోకి పోయింది.

పెద్దారవీడు ఆయన మరుసటి రోజే వచ్చి మిషన్ తీసుకుపోయాడు. పట్టికలో ఆ లోటు ఇప్పటికీ ఉంది, అది నా కింద రాసుకున్నాను. దగ్గు వినపడుతోందా అని అమ్మను అడిగితే, లేదు, పోయినాడు అంటుంది. నాకు మాత్రం కొన్ని పొద్దులు గడప దగ్గర వినపడుతుంది. ఆయనకు లెక్క తెలుసు.